ప్రాజెక్టు డైరీ: నా ట్రైనర్ ప్రొఫైల్ కొత్తగా రాస్తున్నాను

పని ఏమిటంటే

అనంతపురంలో మేముండే జిమ్ ముందు ఫ్లెక్సీ వెలిసిపోయింది. కొత్తది వేయించే ముందు నా గురించి అందులో ఏముండాలో నేనే రాసిస్తానని ఓనర్ అన్నతో చెప్పాను. అంతా కలిపి ఒక ఏ4 పేజీ. లోపల గోడకు ఫ్రేము కట్టించి పెట్టేది, అడిగినవాళ్లకు వాట్సాప్‌లో పంపేది అదే పేజీ.

పాత ఫ్లెక్సీలో నా ఫొటో కింద నాలుగు లైన్లుండేవి. ‘ఇంటర్నేషనల్ సర్టిఫైడ్ ట్రైనర్’, ‘30 రోజుల్లో 10 కిలోలు’, ‘షుగర్, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులకు స్పెషల్ ప్రోగ్రాం’, ‘100% రిజల్ట్ గ్యారంటీ’. ఫ్లెక్సీ షాపుల్లో ఈ లైన్లు రెడీగా ఉంటాయి, పేరూ ఫొటో మార్చి ప్రింట్ తీసిస్తారు. నేను చేయబోయేది ఒకటే. ఒక్కో లైను తీసుకుని దానికి నా ఫైల్లో కాగితం ఉందా, రిజిస్టర్‌లో లెక్క ఉందా అని చూస్తాను. ఉంటే ఉన్నంతవరకే రాస్తాను. లేకపోతే ఆ లైను ఉండదు.

సర్టిఫికెట్ల ఫైలు

ఫైల్లో ఉన్నవన్నీ టేబుల్ మీద పరిచాను. పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్, సీపీఆర్ కార్డు, రెండు వర్క్‌షాపుల్లో పాల్గొన్నట్టు ఇచ్చిన కాగితాలు, జిల్లా పవర్‌లిఫ్టింగ్ పోటీల మెడల్ సర్టిఫికెట్. ఇప్పటిదాకా ఇవన్నీ కలిపి ‘సర్టిఫైడ్’ అనే ఒక్క మాటలో సర్దేశారు. నిజానికి ఒక్కొక్కటీ ఒక్కో సంగతి చెప్తుంది.

పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్ అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వాళ్లది. మనవాళ్లు ఏస్ అంటారు. 150 ప్రశ్నలు, మూడు గంటలు, ఇన్విజిలేటర్ ఎదురుగా రాసే పరీక్ష. పాసైతే సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది. ఆ లోపు 20 గంటల కొత్త చదువు పూర్తి చేసి, సీపీఆర్ కార్డు చెల్లుబాటులో ఉన్నట్టు చూపించి రెన్యూవల్ చేసుకోవాలి. కాబట్టి ఎప్పుడో పాసైన సంవత్సరం ఒక్కటే రాస్తే సరిపోదు, ఎప్పటివరకు చెల్లుతుందో కూడా రాయాలి. గడువు తీరాక గోడ మీద అదే ఫ్రేము వేలాడుతుంటే, చూసేవాళ్లకు అది ఇంకా చెల్లుతున్నట్టే అనిపిస్తుంది. ట్రైనర్ పేరు పెట్టి సర్టిఫికెట్ ఉందో లేదో ఏస్ వెబ్‌సైట్‌లోనే వెతుక్కోవచ్చు. ఆ సంగతి కూడా ఒక లైనులో చేర్చాను. అడగకముందే చెక్ చేసుకునే దారి చూపించడం నాకు చాలా ముఖ్యం.

‘ఇంటర్నేషనల్’ అనే మాట కొట్టేశాను. పరీక్ష పెట్టిన సంస్థ అమెరికాది, పాఠాలు చెప్పేది అనంతపురంలో. సంస్థ పేరు పూర్తిగా రాస్తే చాలు. అలాగే ‘గవర్నమెంట్ గుర్తింపు పొందిన ట్రైనర్’ అని రాయమని ఒకరు సలహా ఇచ్చారు. డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు జిమ్ ట్రైనర్లకు మన దేశంలో చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు. స్కిల్ ఇండియా కింద ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు చేసినవాళ్లు ఆ కోర్సు పేరు, లెవెల్ రాసుకోవచ్చు. నేను అది చేయలేదు, రాయలేదు.

వర్క్‌షాపుల దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. అందులో ఒకటి స్పోర్ట్స్ న్యూట్రిషన్ మీద రెండు రోజుల క్లాసు. చివర్లో పరీక్ష లేదు, వచ్చిన అందరికీ కాగితం ఇచ్చారు. చాలామంది ఇలాంటి కాగితంతోనే ‘సర్టిఫైడ్ న్యూట్రిషనిస్ట్’ అని వేసుకుంటున్నారు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం ఫిజియోథెరపిస్టులనూ డైటీషియన్లనూ ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. స్పోర్ట్స్ న్యూట్రిషనిస్ట్ కూడా అందులో ఉంది. రెండు రోజుల క్లాసుతో ఆ పేరు నాకు రాదు. అందుకే ‘వర్క్‌షాప్‌కు హాజరయ్యాను, పరీక్ష లేదు’ అని ఉన్నదున్నట్టు రాశాను. ‘రీహాబ్’, ‘థెరపీ’ అనే మాటలు పేజీలో ఎక్కడా లేవు.

మెడల్‌ని పేజీలో పెట్టలేదు. నేను బరువు ఎత్తగలనని మాత్రమే అది చెప్తుంది. యాభై ఏళ్ల మనిషికి స్క్వాట్ ఎలా నేర్పాలో తెలుసని చెప్పదు.

30 రోజుల్లో 10 కిలోలు

ఓనర్ అన్నతో అసలు వాదన ఈ లైను మీదే. ‘అట్ల రాయకుంటే ఎవురొస్తారప్పా? పక్క జిమ్‌లో 15 కిలోలు అని ఏసినారు’ అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. అద్దె, కరెంటు బిల్లు కట్టేది ఆయనే. అందుకే నీతులు చెప్పకుండా క్యాలిక్యులేటర్ తీశాను.

ఒంట్లోని ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. పది కిలోలంటే 77,000. దాన్ని 30 రోజులకు పంచితే రోజుకు 2,500 పైనే లోటు రావాలి. మన దగ్గరికొచ్చే ఒక మామూలు గృహిణికి రోజంతా కలిపి ఖర్చయ్యేదే 1,800 నుంచి 2,000 దాకా. అంటే ఆమె నెల రోజులు పచ్చి మంచినీళ్లతో గడిపినా పది కిలోల కొవ్వు కరగదు. ‘అయితే కొందరు మొదటి నెల ఏడెనిమిది కిలోలు తగ్గినారు కదా’ అన్నాడు అన్న. భారీ శరీరం ఉన్నవాళ్లకు తగ్గుతుంది, నిజమే. కానీ అందులో నీళ్లెన్ని, కొవ్వెంత అన్నది వేరే లెక్క. అది చూపించడానికి నా దగ్గర ట్రైనింగు తీసుకున్న ఒక టీచరమ్మ కొలతల కార్డు బయటికి తీశాను.

టీచరమ్మ కార్డు

ఆమె నలభై దాటిన మనిషి, షుగర్ మాత్రలు వాడుతోంది. తన కొలతలు పేరు లేకుండా వాడుకోవచ్చని రాసిచ్చింది. కర్ణాటక సరిహద్దు వైపు ఊళ్లో పని, రోజూ బస్సు ప్రయాణం, సాయంత్రం బస్టాండు దగ్గర టీ, బజ్జీ. చేరిన మొదటి సాయంత్రం జిమ్ మిషన్ మీద బరువు 79.6 కిలోలు. రోజంతా తిన్న తిండి, తాగిన నీళ్లు, చీర అన్నీ అందులో ఉన్నాయి. ఆ అంకెను మొదటి బరువుగా తీసుకోలేదు. వరుసగా మూడు ఉదయాలు, పరగడుపున, బాత్రూంకి వెళ్లొచ్చాక, పల్చటి బట్టలతో తూచుకోమన్నాను. 78.6, 77.9, 78.1 వచ్చాయి. సగటు 78.2.

పన్నెండు వారాల తర్వాత అదే పద్ధతిలో, అదే మిషన్ మీద మూడు ఉదయాలు: 73.9, 73.3, 73.6. సగటు 73.6. అంటే తగ్గింది 4.6 కిలోలు.

ఇప్పుడు ఇదే మనిషికి, ఒక్క అబద్ధపు అంకె కూడా రాయకుండా, ఇంకో లెక్క చూపించొచ్చు. మొదటి సాయంత్రం 79.6 తీసుకుని, చివర్లో అన్నిటికన్నా తక్కువొచ్చిన ఉదయం 73.3తో పోల్చితే 6.3 కిలోలు తగ్గినట్టు. పైనున్న 1.7 కిలోలు ఏ వ్యాయామానికీ సంబంధం లేనివి. సాయంత్రానికీ ఉదయానికీ ఉన్న తేడా, రోజుకూ రోజుకూ ఉన్న తేడా అంతే. చాలా పోస్టర్లలో కనిపించే అంకెలు ఇలాగే పుడతాయని నా అనుమానం. మిషన్ చూపించిన అంకెలే కాబట్టి రాసినవాళ్లకు కూడా అది మోసంలా అనిపించదు.

అదే కార్డులో మొదటి వారం లైను చూడండి. ఒక్క వారంలో 1.4 కిలోలు తగ్గింది. అన్న వెంటనే 12తో గుణించి ‘మూణ్నెల్లకు 17 కిలోలు, చూడు!’ అన్నాడు. అసలు జరిగింది వేరు. బజ్జీలు, ఉప్పు, అన్నం ఒక్కసారిగా తగ్గించేసరికి కండరాల్లో, కాలేయంలో దాచిపెట్టిన గ్లైకోజన్ కొంత ఖర్చయింది. గ్లైకోజన్ ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టి ఉంచుతుంది. అది తగ్గితే ఆ నీళ్లూ పోతాయి. మిగతా 11 వారాల్లో తగ్గింది 3.2 కిలోలే. వారానికి 300 గ్రాములు కూడా కాదు. మాత్రలు వాడుతూ, ఉద్యోగం చేస్తూ, ఇద్దరు పిల్లల వంట చూసుకునే మనిషికి అది మంచి ప్రోగ్రెస్. పోస్టర్ మీద రాస్తే మాత్రం చప్పగా కనిపిస్తుంది. అందుకే ప్రొఫైల్లో వారం లెక్కలు వేయకూడదని తేల్చుకున్నాను. మొదటి కొలత, 12 వారాల కొలత, ఎలా కొలిచామన్నది, ఆ మూడే.

టేపు, మిషన్

నడుము చుట్టుకొలత కూడా రాయాలనుకున్నాను. బరువు ఆగిపోయిన నెలలో కూడా నడుము తగ్గడం కనిపిస్తుంది కాబట్టి అది పనికొచ్చే కొలతే. కానీ జిమ్‌లో ఉన్న గుడ్డ టేపును స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తే, మీటరు దగ్గరికొచ్చేసరికి సెంటీమీటరుకు పైగా సాగి ఉంది. సాగిన టేపుతో కొలిస్తే అంకె తక్కువ చూపిస్తుంది. మొదట కొత్త టేపుతో కొలిచి, చివర్లో సాగినదాంతో కొలిస్తే, మనిషి ఏమీ చేయకుండానే సెంటీమీటరు తగ్గినట్టు. సాగని ఫైబర్ గ్లాస్ టేపు కొన్నాను. నెలకోసారి స్కేలుతో సరిచూస్తున్నాను.

ఎక్కడ కొలవాలన్నది కూడా రాసిపెట్టాను. చివరి పక్కటెముక అడుగుకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, పక్కన పెన్నుతో చిన్న గుర్తు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. రెండుసార్లు కొలవాలి. రెండింటికీ తేడా సెంటీమీటరు దాటితే మళ్లీ మొదటినుంచి. టీచరమ్మకు 97 నుంచి 91కి వచ్చింది. ఆడవాళ్లను ఆడవాళ్లే కొలవాలి కాబట్టి మా ఉదయం బ్యాచ్ చూసే అక్కకు ఇదంతా చేసి చూపించాను. ఇద్దరం ఒకే మనిషిని విడివిడిగా కొలిచి అంకెలు కలిసేదాకా ప్రాక్టీస్ చేశాం.

బాడీ ఫ్యాట్ శాతం మాత్రం ప్రొఫైల్లో ఉండదు. మన జిమ్‌లో ఉన్నది కాళ్ల కింద మెటల్ ప్లేట్లున్న మిషన్. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, ఎంత అడ్డం తగిలిందో చూసి కొవ్వును అంచనా వేస్తుంది. ఒంట్లో నీళ్ల శాతం మారితే దాని అంకె మారిపోతుంది. అనంతపురం ఎండల్లో అది గంట గంటకూ మారుతుంది. మే నెలలో మధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ వచ్చిన మనిషికీ, ఉదయం లేచిన మనిషికీ ఒకే అంకె రాదు. నెలలు గడిచేకొద్దీ ఎటు పోతోందో చూసుకోవడానికి క్లయింటుకు చూపిస్తాను. ‘ఇంత కొవ్వు కరిగించాను’ అని గోడ మీద రాసేంత నమ్మకమైన కొలత కాదది.

ఫొటోలు ఎందుకు వద్దన్నానంటే

బిఫోర్, ఆఫ్టర్ ఫొటోలు లేకపోతే పేజీ బోడిగా ఉంటుందని అన్న బెంగ. దానికి జవాబు మా జిమ్ కుర్రాడే. అతన్ని ట్యూబ్‌లైటు కింద, ఎదురుగా వెలుగు పడేలా నిలబెట్టి, భుజాలు వదిలేసి, పొట్ట వదిలేయమని ఒక ఫొటో తీశాను. తర్వాత రెండు సెట్లు పుషప్స్, రెండు సెట్లు రోయింగ్ చేయించి, కిటికీ పక్కన వెలుగు ఒక పక్కనుంచి పడేలా నిలబెట్టి, ఛాతీ ఎత్తి, ప్యాంటు కాస్త పైకి లాక్కోమని ఇంకో ఫొటో. రెండింటికీ మధ్య అరగంట కూడా లేదు. అన్నకు చూపిస్తే ‘ఎన్నాళ్లయింది వీడు చేరి?’ అని అడిగాడు. చెప్పాక రెండు ఫొటోలూ చాలాసేపు చూశాడు. ఫొటోల గురించి ఆయన మళ్లీ మాట్లాడలేదు.

రిజిస్టర్ మొత్తం

ఒక్క టీచరమ్మ కేసు ఎంత నిజంగా రాసినా, ఎంచుకుని రాసిన కేసే అవుతుంది. చదివేవాళ్లకు తెలియాల్సింది ‘ఇక్కడ చేరితే నాలాంటివాళ్లకు మామూలుగా ఏమవుతుంది’ అన్నది. దానికి ఏప్రిల్ నుంచి మార్చి దాకా రిజిస్టర్ మొత్తం తీశాను.

బరువు తగ్గాలని నా దగ్గర పర్సనల్ ట్రైనింగులో చేరినవాళ్లు 26 మంది. 12 వారాలు పూర్తి కాకముందే మానేసినవాళ్లు 11 మంది. పొలం పనులు, పిల్లల పరీక్షలు, ఫీజు ఇబ్బంది, కొందరికి నా పద్ధతి నచ్చకపోవడం, కారణాలు రకరకాలు. మిగిలింది 15. ఒకాయన ట్రాన్స్‌ఫర్ అయి చివరి కొలత ఇవ్వకుండా వెళ్లిపోయాడు. రెండు కొలతలూ ఉన్నవాళ్లు 14 మంది. వాళ్లలో తగ్గినవాళ్లు 12, పెరిగినవాళ్లు ఇద్దరు.

‘100% రిజల్ట్’ ఎక్కడిదో ఇక్కడ తెలిసిపోతుంది. మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేసి, పెరిగిన ఇద్దరూ సరిగా పాటించలేదని వాళ్లనూ తీసేస్తే, మిగిలినవాళ్లంతా తగ్గినవాళ్లే. అలా ఏ ట్రైనర్‌కైనా నూరు శాతం వస్తుంది.

సగటు వేద్దామని కూర్చున్నాను. 14 మందిలో ఒక కుర్రాడు 124 కిలోలతో చేరి 17.2 కిలోలు తగ్గాడు. అతనితో కలిపి సగటు 4.1 కిలోలు. అతన్ని పక్కన పెడితే మిగతా 13 మంది సగటు 3.1. ఒక్క మనిషి వల్ల కిలో తేడా వస్తోంది. అందుకని సగటు వదిలేసి, అందరినీ ఎక్కువ తగ్గినవాళ్ల నుంచి తక్కువ వరకు వరుసలో పెట్టి మధ్యనున్నవాళ్ల అంకె తీసుకున్నాను. ఏడో మనిషికి 3.9, ఎనిమిదో మనిషికి 3.5. మధ్య అంకె 3.7. ఆ కుర్రాడిని తీసేసినా ఇది 3.5కే వస్తుంది, పెద్దగా కదలదు. చేరబోయే మనిషి ఆశ పెట్టుకోదగ్గ అంకె ఇదే.

ఇది చూసి అన్న మొహం కాస్త మాడింది. ‘మూణ్నెల్లకు మూడున్నర కిలోలా? గోడ మీద రాస్తామా?’ అన్నాడు. రాద్దామన్నాను. పది కిలోలని నమ్మి చేరినవాళ్లు మొదటి నెల చివర్లో రెండు కిలోలు చూసి మానేస్తున్నారు. ఆ 11 మందిలో ఎక్కువమంది రెండో నెలలోనే కనిపించడం మానేశారని రిజిస్టర్‌లో తేదీలు చెప్తున్నాయి. మాట తగ్గిస్తే వాళ్లు నిలబడతారా అన్నది చూడాలి. నిలబడతారని నేను ఇప్పుడే రాయలేను.

షుగర్ లైను

టీచరమ్మకు మూడో నెలలో డాక్టరు మాత్ర సగం చేశారు. సంతోషంతో వచ్చి ‘సార్, ఇది కూడా రాయండి, నలుగురికీ ఉపయోగపడుతుంది’ అంది. ఆమె మాట కాదనడం నాకు కష్టంగానే అనిపించింది. అయినా రాయలేదు.

ఆమె రిపోర్టులో మారింది హెచ్‌బీఏ1సీ. రెండు మూడు నెలల సగటు షుగరును అది చూపిస్తుంది. ఆ రెండు మూడు నెలల్లో నా దగ్గర వ్యాయామం ఒక్కటే జరగలేదు. మధ్యలో డాక్టరు మాత్ర రకం మార్చారు, ఆమె సాయంత్రం బజ్జీలు మానేసింది, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, ఆకుకూర తింటోంది, పీటీసీ గ్రౌండులో నడుస్తోంది. వీటిలో దేనికెంత వాటా అని విడదీసే శక్తి నాకు లేదు. మాత్ర తగ్గించాలన్న నిర్ణయం డాక్టరుది, రిపోర్టు ఆమెది. నా గోడ మీద దానికి చోటు లేదు.

ఇంకో భయం కూడా ఉంది. ‘ఇక్కడ షుగర్ తగ్గింది’ అని చదివినవాళ్లు మాత్రలు వాళ్లంతట వాళ్లే ఆపేయొచ్చు. లేదా మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, డాక్టరుకు చెప్పకుండా జిమ్‌కు రావొచ్చు. కొన్ని రకాల షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు వ్యాయామం మధ్యలో షుగర్ బాగా పడిపోతుంది. చెమట, వణుకు, గుండె దడ వస్తాయి. కష్టపడి వ్యాయామం చేసే మనిషిలోనూ అవే కనిపిస్తాయి కాబట్టి పక్కనున్నవాళ్లు గుర్తుపట్టలేరు. మాట తడబడుతున్నా, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్తున్నా నేను వెంటనే ఆపించి కూర్చోబెడతాను. జిమ్‌లో గ్లూకోజు డబ్బా ఎప్పుడూ ఉంటుంది. ప్రొఫైల్లో షుగర్ గురించి రాయదగ్గ మాట ఇదొక్కటే: మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడిగి రావాలి, మందుల విషయంలో నేను సలహా ఇవ్వను.

చట్టం సంగతి అన్నకు పొడిగా చెప్పాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారే పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల శాఖ ఆరోగ్యం, ఫిట్‌నెస్ గురించి ప్రచారం చేసేవాళ్లకు విడిగా మార్గదర్శకాలిచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఆ సంగతి బయటపెట్టాలని, నిపుణుల్లా మాట్లాడేవాళ్లు తమ మాటలు డాక్టరు సలహాకు బదులు కావని స్పష్టంగా చెప్పాలని వాటి సారాంశం.

వాకర్లకు చదివి వినిపించడం

డ్రాఫ్టు ప్రింట్ తీసి పీటీసీ గ్రౌండులో ఉదయం నడిచే నలుగురికి ఇచ్చాను. ఒక రిటైర్డ్ ఉద్యోగి పూర్తిగా చదివి, ‘మోకాళ్ల నొప్పి ముచ్చటే లేదేమప్పా? మేమొచ్చేది దానికే కదా’ అన్నారు. సరైన ప్రశ్న. నొప్పి తగ్గిస్తానని నేను రాయలేను, నొప్పి ఎందుకొస్తోందో తేల్చేది డాక్టరు. కానీ తొడ కండరాలు బలపడ్డాయో లేదో నేను కొలవగలను. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరన్నది చిన్న పరీక్ష. కుర్చీ ఎత్తు ప్రతిసారీ ఒకటే ఉండాలి, చేతులు ఆనిస్తే ఆ లెక్క చెల్లదు. టీచరమ్మకు మొదట 11, చివర్లో 16. ‘మోకాళ్ల నొప్పులకు స్పెషల్ ప్రోగ్రాం’ ఉన్న చోట ఈ లైను వచ్చింది.

ఇంకొకావిడ టీచరమ్మ లైను చదివి ‘ఈమె ఫలానా కదా’ అని ఊరు, స్కూలు చెప్పేసింది. డ్రాఫ్టులో వయసు, ఉద్యోగం, వచ్చే ఊరు రాసి ఉన్నాయి. మన ఊళ్లో పేరు ఒక్కటి తీసేస్తే సరిపోదని అర్థమైంది. ఆ మూడూ తీసేసి, మారిన లైను టీచరమ్మకు చూపించి మళ్లీ సంతకం తీసుకున్నాను. వద్దనుకుంటే ఎప్పుడైనా తీసేస్తానని ఆ కాగితంలోనే ఉంది.

ఇప్పటికి పేజీ ఇలా ఉంది

> పర్సనల్ ట్రైనర్. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ పరీక్ష పాసయ్యాను. సర్టిఫికెట్ నంబరు, చెల్లుబాటు తేదీ కింద ఉన్నాయి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. సీపీఆర్ కార్డు తేదీ కూడా కింద ఉంది.
>
> స్పోర్ట్స్ న్యూట్రిషన్ వర్క్‌షాప్‌కు హాజరయ్యాను, పరీక్ష లేదు. నేను డైటీషియన్‌ను కాను, ఫిజియోథెరపిస్టును కూడా కాను.
>
> గత ఏప్రిల్ నుంచి మార్చి వరకు బరువు తగ్గడానికి 26 మంది చేరారు. 11 మంది 12 వారాల లోపే మానేశారు. కొలతలున్న 14 మందిలో 12 మంది తగ్గారు, ఇద్దరు పెరిగారు. మధ్యస్థంగా తగ్గింది 3.7 కిలోలు. మీకూ అంతే వస్తుందని హామీ లేదు.
>
> ఒక మహిళ, 12 వారాలు: బరువు 78.2 నుంచి 73.6, నడుము 97 నుంచి 91 సెం.మీ., కుర్చీలోంచి లేవడం 30 సెకన్లలో 11 నుంచి 16. వారానికి మూడు రోజులు వ్యాయామం, తిండిలో మార్పులు, విడిగా నడక. ఆమె రాతపూర్వక అనుమతితో.
>
> బరువు: మూడు ఉదయాల సగటు, పరగడుపున, ఒకే మిషన్.
>
> ఏ జబ్బునూ నయం చేయను. మందులు వాడుతున్నా, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కీళ్ల సమస్య ఉన్నా ముందు డాక్టరును కలవండి. చేరే ముందు ఆరోగ్యం గురించి ఏడు ప్రశ్నల ఫారం నింపాలి.

అడుగున సవరించిన తేదీ. కొత్త లెక్క ఏటా ఏప్రిల్‌లో వేస్తాను, అంకె తగ్గినా పెరిగినా అదే వేస్తాను. అన్న ఫ్లెక్సీకి ఒప్పుకున్నాడు. కాకపోతే పైన పెద్ద అక్షరాల్లో ఏదో ఒకటి ఉండాల్సిందే అన్నాడు. ‘మొదటి వారం కొలతలు ఉచితం’ అని పెట్టాం. అది మేం చేయగలిగిందే.

మిగిలిన పని

పేజీలో లేని అంకె ఒకటుంది. తగ్గిన 12 మందిలో ఏడాది తర్వాత ఎంతమంది అదే బరువులో ఉన్నారన్నది. ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లు చెప్పిన బరువును విడిగా రాస్తున్నాను, ఎందుకంటే అది మా మిషన్ మీద తూచింది కాదు. మిగతావాళ్లను ఒక ఉదయం పరగడుపున జిమ్‌కు రమ్మంటున్నాను, ఫీజేమీ లేదని కూడా చెప్తున్నాను. టీచరమ్మ వచ్చి తూచుకుంది, 74.8 ఉంది. 17 కిలోలు తగ్గిన కుర్రాడు బెంగళూరులో ఉన్నాడు, కొంత పెరిగానని చెప్పాడు, ఎంతో చెప్పలేదు. ఇద్దరు ఫోన్ ఎత్తలేదు. ఎత్తనివాళ్లను కూడా ‘తెలియదు’ అని లెక్కలో ఉంచుతాను. 12 పేర్ల పక్కనా ఏదో ఒకటి రాసేదాకా ఆ లైను గోడ మీదికి రాదు.